ముప్పయ్యో రోజు రక్తం

కాలనీలో ఆమెను అందరూ సూదమ్మ అంటారు. పదిహేనేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీస్తున్న మనిషి. ఎంత సన్నటి నరమైనా ఆమె వేలికి దొరక్కుండా పోదు. మనుషుల మాటలు నమ్మడం మాత్రం ఏనాడో మానేసింది. పరగడుపునే వచ్చానని ఒట్టు పెట్టిన వాళ్ళ రక్తంలోని సీరం, తిన్న కొవ్వుతో పాలలా తెల్లగా తేలడం ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు. ఇక ఇంట్లో మొగుడు పెట్టిన ఒట్లు గుర్తు చేసుకోవడం దండగ.

ఆయన గోదాములో క్రేన్ నడుపుతాడు. పగలంతా పైన క్యాబిన్‌లో బుద్ధిమంతుడు. సాయంత్రం ఆరున్నర అయిందంటే కాళ్ళు వాటంతటవే మందు షాపుకి నడిచేవి. ఎనిమిదేళ్ళు ఇదే తంతు. నెల కిందట ఆ మత్తులోనే కూతుర్ని రాత్రి ట్యూషన్ నుంచి బండిమీద తెస్తూ మలుపులో పడేశాడు. పిల్లకి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అంతే కాబట్టి సరిపోయింది.

ఆ రోజు సూదమ్మ అరవలేదు, ఏడవలేదు. ఆసుపత్రి స్టాఫ్ క్వార్టర్స్‌కి దరఖాస్తు పెట్టి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక్కటే చెప్పింది.

"నెల రోజులు ముట్టుకోకండి. ముప్పయ్యో రోజు రక్తం నేనే తీస్తాను. తాగినట్టు తేలితే పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. మీ మాట నాకొద్దు, మీ లివర్ చెబితే వింటాను."

ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నట్టుండి మానితే ప్రాణం మీదికి రావచ్చని ఆమెకి తెలుసు. అందుకే మర్నాడే ఆసుపత్రి డాక్టరుకి చూపించింది. ఆయన వారానికి సరిపడా మాత్రలు, విటమిన్లు రాసి, రోజూ తీసుకొచ్చి చూపించమన్నాడు. మొదటి రక్తం అప్పుడే తీశారు. లివర్ పరీక్షల్లో ఓటీ నూట ఇరవై ఎనిమిది, పీటీ యాభై ఆరు, జీజీటీ రెండు వందల పద్నాలుగు. ఓటీ నలభై దాటకూడదు, జీజీటీ అరవై దాటకూడదు. ఓటీ పీటీకి రెట్టింపు దాటిందంటే అది తాగుడు పనేనని, ల్యాబులో పనిచేసేవాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మొదటి వారం ఆ మనిషికి నిద్రే లేదు. పొద్దున్న చూస్తే దుప్పటి చెమటకి తడిసి ముద్దయ్యేది. తాగి పడుకున్నప్పుడు రాని కలలన్నీ కట్టకట్టుకుని వచ్చిపడ్డట్టుంది, తెల్లారి లేచి క్రేన్ తాడు తెగిందనో, పిల్ల పడిపోయిందనో చెప్పేవాడు. పదో రోజుకి కళ్ళ కింద సంచులు కరిగాయి. ముక్కు చుట్టూ ఎరుపు తగ్గింది, పగిలిన పెదాలు మానాయి. చర్మానికి నీళ్ళు పట్టినట్టయింది. "నాన్నా, నీ మొహం చిన్నదైపోయింది" అని కూతురు నవ్వింది. ఆ నవ్విన పిల్లమీదే, పెన్సిలు చెక్కిన పొట్టు కిందపడేసిందని ఆ సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ఆ తర్వాత మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి చూస్తూ కూచున్నాడు. మూడో వారం నడుమ నుంచి తెల్లారేదాకా ఏకబిగిన పడుకోవడం మొదలుపెట్టాడు, గురక కూడా తగ్గింది. నాలుగో వారంలో కూర బాగుందన్నాడు. కూర గురించి ఆయన నోట మంచిమాట విని ఆరేళ్ళయింది.

సూదమ్మ అన్నీ చూసింది, ఏ ఒక్కటీ లెక్కలో వేసుకోలేదు. నిద్ర మాత్రలతో వస్తుంది, మొహం నీళ్ళతో కడిగితే మెరుస్తుంది, మంచిమాట అవసరం పడితే ఎవరైనా అంటారు. రక్తం రానీ అనుకుంది.

ఆ ముప్పయ్యో రోజు సోమవారం వచ్చింది. క్వార్టర్స్ కూడా అప్పుడే ఖాళీ అయింది. సాయంత్రం అయిదులోపు ఆఫీసులో సంతకం పెట్టి తాళంచెవి తీసుకోవాలి, లేకపోతే వరుసలో తర్వాతివాళ్ళకి పోతుంది.

పొద్దున్న ఏడున్నరకి ఆయన ల్యాబు కుర్చీలో కూచుని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వణుకుతోంది. సూదమ్మ దాన్ని కుర్చీ చేతిమీద ఆనించింది. పట్టీ కట్టడానికి వంగితే గుప్పుమని నొప్పుల బామ్ వాసన. నిన్న ఆదివారం ఆమెకి డ్యూటీ. చీకటి పడ్డాక ఇల్లు చేరేసరికి ఆయన అప్పటికే ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాడు, అప్పుడూ ఇదే వాసన.

"ఏంటి, ఒళ్ళంతా బామ్ పూసుకున్నారు?"

"కాస్త నొప్పులు. నీ రిపోర్టు రానీ, సాయంత్రం చెప్తా" అన్నాడు, ఏదో దాచుకున్న పిల్లాడిలా నవ్వుతూ.

ఆ నవ్వు చూసి ఆమెకి ఒళ్ళు మండింది. వాసన కప్పెట్టడానికి లవంగాలు నమిలిన రోజులున్నాయి, అత్తరు పూసుకున్న రోజులున్నాయి. ఇప్పుడు బామ్ వంతు వచ్చిందన్నమాట.

పన్నెండింటికి యంత్రం అంకెలు విప్పింది. ఓటీ నూట పన్నెండు. పీటీ యాభై. మళ్ళీ రెట్టింపు దాటింది. సీరం గాజు గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూసింది, ఎర్రకణాలు చితికితే ఓటీ ఉత్తుత్తినే పెరుగుతుంది కాబట్టి. సీరం తేటగా, ఎండుగడ్డి రంగులో ఉంది. రెండోసారి నడిపినా అదే అంకె. జీజీటీ మాత్రం రాలేదు. శనివారమే దాని ద్రావణం అయిపోయింది, కొత్తది మధ్యాహ్నం వస్తుంది. అది చూసేదాకా ఆగాలని మరో రోగి విషయంలో అయితే సూదమ్మే పదిమందికి చెప్పేది.

ఆగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. గోదాముకి ఫోన్ చేసింది. పదిహేనేళ్ళ కాపురంలో ఎన్నడూ 'మీరు' దాటని నోరు ఆ పూట దాటింది.

"తాగావు నువ్వు. నా చేతిలో ఉంది రిపోర్టు."

అవతల క్రేన్ల చప్పుడు వినిపిస్తోంది.

"తాగలేదే" అన్నాడు ఆయన.

"చేతులెందుకు వణికాయి మరి? ఆ బామ్ ఎందుకు? ఎన్నాళ్ళు నా చెవిలో పువ్వులు పెడతావు?"

"అది కాదు, నిన్న నేను..."

"చాలు" అని పెట్టేసింది. నాలుగింటికి ఆఫీసులో సంతకం పెట్టి తాళంచెవి తెచ్చుకుంది. చెవి చిన్నదే, అయినా కోటు జేబు బరువెక్కినట్టు అనిపించింది.

నాలుగున్నరకి ల్యాబు పెద్ద మేడమ్ రిపోర్టులు సరిచూస్తూ పిలిచింది. బయోకెమిస్ట్రీ డాక్టరు ఆవిడ. ఆవిడ సంతకం పడందే ఏ కాగితం బయటికి పోదు.

"ఇది మీ ఆయనదే కదమ్మా? కొత్త ద్రావణం సరిచేసి జీజీటీ కూడా నడిపారు. ఇలా చూడు."

ఎనభై ఒకటి.

"రెండు వందల పద్నాలుగు నుంచి ఎనభై ఒకటికి దిగింది. నెలలో అంత దిగాలంటే మనిషి చుక్క ముట్టకుండా ఉండాలి" అంది మేడమ్.

"నిన్న తాగుంటాడు మేడమ్. ఓటీ చూడండి."

"ఒక్క పూట తాగితే ఓటీ ఇంతలా ఎగరదు. అయినా ఓటీ ఒక్క లివర్‌లోనే ఉంటుందా? కండలో లేదూ? నీకు నేను చెప్పాలా ఈ ముక్క? నిన్న ఏం పని చేశాడు?"

తాగి ఏం చేశాడని ఎన్నోసార్లు అడిగింది గానీ, తాగకుండా ఏం చేశాడని అడగాలని సూదమ్మకి ఎప్పుడూ తట్టలేదు.

"తెలీదు మేడమ్."

"అదే సీరంలో సీపీకే పెట్టు. కండ నలిగితే అది దాగదు."

పదిహేను నిమిషాలు ఆమె యంత్రం ముందే నిలబడింది. మామూలు మనిషికి సీపీకే రెండు వందల లోపు ఉండాలి. మూడు వేల తొమ్మిది వందలని వచ్చింది. మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"రాళ్ళు కొట్టాడా ఏం? నీళ్ళు బాగా తాగమను. మూత్రం నల్లగా వస్తే వెంటనే తీసుకురా. వారం ఆగి అన్నీ మళ్ళీ చూద్దాం. ఒకటి చెప్తా విను, ఇదే ఇంకెవరి మొగుడిదో అయితే నువ్వు జీజీటీ వచ్చేదాకా ఆగేదానివి."

ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎత్తలేదు. డ్యూటీ దిగేసరికి గడియారం ఆరు చూపిస్తోంది. ఆరున్నరకి ఆ కాళ్ళు ఎటు నడుస్తాయో ఎనిమిదేళ్ళు చూసింది. నెల రోజులు అవి అటు నడవకుండా పట్టి ఉంచిన మనిషిని తనే వెనక నుంచి నెట్టిందేమో అన్న భయం పట్టుకుంది. ఆటో ఎక్కి మందు షాపు ముందు ఆపించి, గుంపులోకి దూరి ఒక్కొక్క మొహమూ చూసింది. అక్కడ లేడు. లోపల ఉన్నాడేమో అనుకుంది. లోపలా చూసింది. కొట్టువాడు కూడా "నెలైందమ్మా ఈ వైపు రాక, ఒంట్లో బాగుందా?" అని అడిగాడు. ఆ కొట్టువాడికి తెలిసినపాటి తనకి తెలియలేదని సిగ్గుపడింది.

ఇంటి గుమ్మంలో కిందింటి పిన్నిగారు ఎదురైంది.

"మీ ఆయన పైన ఉన్నాడమ్మా. నిన్నంతా ఆ సమ్మెట దెబ్బలకి మా గోడలు అదిరిపోయాయనుకో! ఇవాళేంటో చడీచప్పుడూ లేదు."

సూదమ్మ మూడంతస్తులూ రొప్పుతూ ఎక్కింది.

డాబామీద పాత సిమెంటు నీళ్ళతొట్టి లేదు. పగుళ్ళిచ్చి, ఇనుప ఊచలు బయటికి పొడుచుకొచ్చి, పిల్ల ఎప్పుడు ఎక్కి పడుతుందో అని రెండేళ్ళుగా ఆమె నెత్తీ నోరూ కొట్టుకున్న తొట్టి. దాని చోట ఊడ్చిన నేల ఉంది. ఆ నేలమీద కూతురు తాడాట ఆడుతోంది. ఆయన బోర్లించిన బకెట్ మీద కూచుని లెక్కపెడుతున్నాడు. అరచేతుల నిండా బొబ్బలు.

"నాన్న ఒక్కడే బద్దలు కొట్టాడమ్మా! అరవై బస్తాలు కిందికి మోశాడు. రిపోర్టుతో పాటు చూపిస్తానని నన్ను చెప్పొద్దన్నాడు!"

సూదమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా నేలమీద కూచుంది.

"తప్పంతా నాది. మీ లివర్ బాగుపడుతోంది. పెరిగింది మీ కండల్లోంచి వచ్చింది. నేను పూర్తిగా చూడలేదు, మిమ్మల్ని అడగనూ లేదు" అంది. ఆ పైన ఏడ్చేసింది. నెల కిందట ఏడవనిదంతా ఇప్పుడొచ్చింది.

ఆయన కూతుర్ని కిందికి పంపి చెప్పాడు.

"నువ్వు ఫోన్ పెట్టేశాక పనిలో మనసు నిలవలేదు, మూడు దాటాక దిగి షాపు దాకా వెళ్ళాలనే బయల్దేరాను. ఎలాగూ తాగానన్నావు కదా, తాగితే పోలా అనిపించింది. పిల్ల బడి వదిలే టైమైంది. నువ్వేమో రావు. బడి వైపు తిరిగాను."

ఆమె జేబులోంచి తాళంచెవి తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

"రేపే ఇచ్చేస్తాను."

"ఇవ్వకు. ఉంచుకో" అన్నాడు ఆయన. "నువ్వు వెళ్ళిపోతావన్న భయంతోనే నాకు రోజూ ఆరున్నర దాటింది. ఇంకా ఎన్ని దాటాలో ఏమో, నన్ను నేనే నమ్మను. కానీ ఒకటి. మళ్ళీ రక్తం తియ్యాలంటావు కదా? ఇంకెవరి చేతైనా తీయించు. సూది పట్టుకున్నప్పుడు నువ్వు నా వైపు చూడవు, చేతి వైపే చూస్తావు."

సూదమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. కళ్ళ కింద సంచులు నిజంగానే లేవు. ముక్కు పక్క ఎరుపు లేదు. మొహం చిన్నదైందని పిల్ల ఇరవై రోజుల కిందటే చెప్పింది.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది.

ముప్పయి రోజుల్లో ఆమె ఆ మాట అడగడం అదే మొదటిసారి. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.