లెవెల్ ఎవరి గొంతుకి

నన్ను ఇంటర్వ్యూ చేయడానికి కాలేజీ అమ్మాయి నందిత బర్మామైన్స్ బస్తీలోని మా ఇంటికి వచ్చింది. సభలకి మైకులు పెట్టే మా ఆయన ఆమెకి రికార్డర్ వాడడం నేర్పుతున్నాడు. గుమ్మంలో గాలికి శబ్దం పాడవకుండా మైకుకి స్పాంజి తొడుగు వేశాడు. శబ్దం ఎంత ఎక్కాలో చెప్పే లెవెల్ మాత్రం ఆమె మెత్తటి గొంతుకే సరిపోయేలా పెట్టాడు. మా పాపని ఎత్తుకుని చూస్తూ కుళ్లుకున్నాను.

నేను మాట్లాడగానే శబ్దం మితిమీరిందని రికార్డర్ మీటరు ఎర్రగా వెలిగింది.

"శబ్దం పెరిగితే అణిచే లిమిటర్ ఉంది కదా," అంది నందిత.

"అది ఎప్పుడో వచ్చే కేకకి. మా దేవి మాటే కేక," అన్నాడు మా ఆయన నన్ను చూపిస్తూ.

"అయితే ఆ సన్న గొంతే రికార్డు సేసుకో," అన్నాను.

ఆయన లెవెల్ తగ్గించి, రికార్డర్ నా వైపు జరిపాడు. "రికార్డులో నీ గొంతు పగిలిపోతే ఇంకేటి మిగుల్తాది?"

ఇంటర్వ్యూ అయ్యాక రికార్డు పెట్టుకుని విన్నాం. నందిత ప్రశ్నలు దూరంగా, నా మాటలు స్పష్టంగా ఉన్నాయి.

ఆ రికార్డు మళ్లీ పెట్టమన్నాను.