అనసూర్య సీసా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని హనుమకొండ దవాఖానలో అందరికీ తెలుసు. పిల్లల వార్డు సిస్టర్‌ సరోజన అంటే డాక్టర్లే జాగ్రత్తగా మాట్లాడతారు. కానీ ఎనభయ్యారులో మల్లక్క చేసిన పనికి శాంతమూర్తికైనా కోపం వచ్చేది.

మల్లక్క మనుమరాలు అనసూర్యకు ఎనిమిదేళ్లు. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు కాబట్టి పసితనం నుంచీ నెలనెలా ఎక్కిస్తున్నాం. ఎక్కించే ప్రతి సీసాతో ఇనుము కూడా లోపలికి పోతుంది. దాన్ని బయటికి తోసే దారి మనిషి ఒంటికి లేదు. అదంతా కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది.

ఎంతోమందిని బతిమాలి విదేశీ మందు కొంచెం తెప్పించాం. ఒక్కసారిగా ఇస్తే ఇట్టే ఒంట్లోంచి వెళ్లిపోతుందని, చిన్న పంపు పెట్టి పొట్ట చర్మం కింద పొద్దంతా మెల్లగా ఎక్కించాం. అది ఇనుమును పట్టుకుని మూత్రంలో బయటికి తేవాలి. ఒక రోజు మూత్రమంతా సీసాలో పట్టి పరీక్షకు పంపాం.

ఇనుము లేదని జవాబొచ్చింది.

"పని చేయని మందు ఎందుకు సిస్టర్? దీనికోసమే కాచుకుని ఉన్న నర్సంపేట పిల్లకు ఇద్దాం" అన్నారు కిషన్ రావు డాక్టరు. నా ప్రాణం ఉసూరుమంది. మందు ఆగితే అనసూర్య గుండె ఎన్నేళ్లు కొట్టుకుంటుంది?

బాత్రూం గచ్చు మీద ఎర్రటి మరక చూసి మల్లక్కను నిలదీశాను.

"ఎర్రగ వోస్తాంది బిడ్డా. ఎక్కిచ్చిన నెత్తురంత పోతాందనుకున్న. సారు జూస్తే ఇగ బతకదని ఇంటికి తోలుతడేమోనని పారబోసి, సీసల నాది వోసిన."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అరిచేశాను. అరిచాక సంతోషంతో డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

మళ్లీ పట్టిన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, మిషన్లో గిర్రున తిప్పించి, డాక్టరు మల్లక్కకు చూపించారు. "నెత్తురైతే అడుక్కు దిగేది. చూడు, అంతా ఒకటే ఇటుక రంగు. ఇది మందు పట్టుకొచ్చిన ఇనుము."

"ఇనుమే ఎక్కువుంటే జర నెత్తురు దీసేస్తే పోదా సార్?"

"పుట్టుకతోనే తిండిలోంచి ఇనుము ఎక్కువ పీల్చుకునేవాళ్లు ఉంటరు. వాళ్లకు నెత్తురు తీసుడే వైద్యం. నీ పిల్లకు తీసేటంత నెత్తురేది? అందుకే ఈ మందు."

మర్నాడంతా మల్లక్క పరీక్షకు పట్టే సీసాను పక్కన పెట్టుకుని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఈసారి లెక్క తేలింది. ఇనుము దండిగా పోతోంది. మందు ఆపొద్దని డాక్టరు కాగితం మీద రాశారు.

ఇంకేముంది! మల్లక్క కొత్తగా నిండుతున్న సీసాను రెండు చేతులా ఎత్తి, మంచం మంచానికీ తిరిగింది.

"సూడుండ్రి, నా పిల్ల పానం దీసే ఇనుము బయటికొస్తాంది!"

వార్డులో గోల చేస్తే ఊరుకోను నేను. ఆ రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.