చిట్టీలో లేని లాట్ నంబరు

రాయమల్లు నాలుగెకరాల్లో వేసిన పత్తి మొలవలేదు. తవ్వి చూస్తే గింజలు మట్టిలోనే మురిగిపోయి ఉన్నాయి. కాగజ్‌నగర్‌లో విత్తనాల దుకాణం నడిపే జగన్మోహన్‌రావును అడగబోతే, అతడు పదిమంది ముందు ఖాళీ ప్యాకెట్ లాక్కొని రాయమల్లు ముఖాన విసిరాడు.

"ఎవుసం రాక నా గింజల మీద పడ్డవా? నడువ్!"

వెంట వెళ్లిన కూతురు అలేఖ్య ఆ ప్యాకెట్‌ను నేల మీది నుంచి ఏరుకుంది. దారి పొడుగునా బాపు తలెత్తలేదు. ఈ మనిషిని కూలగొట్టేదాకా తనకు అన్నం సహించదని ఆమె అప్పుడే అనుకుంది.

వ్యవసాయం గురించి చిన్న చిన్న వీడియోలు పెట్టే పేజీ ఒకటి ఆమెకు ఉంది. కరీంనగర్‌లో ఎడిటింగ్ చేసే చిన్నాన్న కొడుకు ఆకాశ్ సాయం చేస్తాడు. ఆ వారం ఇద్దరూ రెండు వీడియోలు పెట్టారు. మొదటిది దుకాణం ముందు నిలబడి అలేఖ్య అతణ్ని కడిగేసినది. రెండోది ముప్పై సెకన్లది: విత్తనాల ప్యాకెట్ మీద, అది ఏ దఫా సరుకో తెలిపే లాట్ నంబరు, గడువు తేదీ ఎక్కడుంటాయి, బిల్లులో ఆ నంబరు రాయించుకోవడం ఎందుకు, కొన్ని గింజలు, ప్యాకెట్ ఎందుకు దాచుకోవాలి.

తిట్ల వీడియోకు ఇరవై రెండు వేల లైకులు వచ్చాయి. ఆకాశ్ ఫోన్ చేసి ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"అక్కా, గీడనే పట్టుకోవాలె. ఇంకో రెండు తిట్ల వీడియోలు దించుదాం!"

ఆమెకూ అదే కావాలనిపించింది. మళ్లీ వెళ్లింది. జగన్మోహన్‌రావు ఈసారి కుర్చీలోంచి కూడా లేవలేదు.

"మంచిదే బిడ్డా. నా దుకాణం పేరు ఊరూరా చెప్తున్నవ్. మల్ల తియ్యి."

వెనక ఉన్న నలుగురు నవ్వారు. ఆ నవ్వుకు అలేఖ్య ఒళ్లు మండిపోయింది. ఫోన్ జేబులో పెట్టి, ఏమీ తీయకుండా వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి రెండు వీడియోల లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంది. తిట్ల వీడియోను మూడు లక్షల సార్లు చూశారు. షేర్లు అరవై, సేవ్‌లు పాతిక. ప్యాకెట్ వీడియో చూపులు ముప్పై ఎనిమిది వేలే, లైకులు ఆరు వందల నలభై. కానీ షేర్లు పంతొమ్మిది వందలు, సేవ్‌లు పద్నాలుగు వందలు.

"అరె, ఇరవై చూపులకు ఒక షేర్ పడ్డది. తిట్లకైతే ఐదు వేలకు ఒకటి," అంది ఫోన్‌లో ఆకాశ్‌తో.

"లైకులు చూడక్కా! గవి తక్కువ గద."

"లైకు బొటనవేలు పోతా పోతా కొడ్తది. ఒకడు ఇంకొకనికి పంపిండంటే వాని మీద ఫికర్ ఉన్నట్టు. దాచుకున్నడంటే మల్ల చూడాలె, పనికొస్తదని. వానలు లేటయినయి, శానామంది ఇంక విత్తలే. వాళ్ల చేతుల ప్యాకెట్లు ఉన్నయి, ఆకాశ్!"

ఆ సేవ్ చేసింది ఎవరో పేజీలో కనిపించదు. అందుకే వీడియో కింద జనం రాసిన ప్రశ్నలు చదివింది. "తెల్ల చిట్టీ మీద నంబరు లేకుంటే?" అని చాలామంది అడిగారు. బాపుకు బిల్లు బదులు ఇచ్చిన చిట్టీ కూడా అలాంటిదే. దాన్ని చూపించి, ఆ ప్రశ్నకు జవాబుగా తరువాయి వీడియో చేసింది. ఒక్క తిట్టు లేదు, దుకాణం పేరూ లేదు. బాపు ప్యాకెట్ మీది లాట్ నంబరు దగ్గరగా చూపించి, "చిట్టీ మీద లేకున్నా ప్యాకెట్ మీద ఉంటది. గీ నంబరు మీ దగ్గరుంటే విప్పకుండ్రి. ఫోటో పంపుండ్రి," అంది.

నాలుగు రోజుల్లో పదిహేడు ఫోటోలు వచ్చాయి. పదకొండు ప్యాకెట్లు సీలు తీయనివే, అన్నీ ఆ దుకాణానివే. పదిహేడు మంది రైతులనూ వెంటబెట్టుకొని అలేఖ్య వ్యవసాయ అధికారి దగ్గరకు వెళ్లింది. ఆయన పొలాలు చూశాడు, సీలున్న ప్యాకెట్ల నుంచి నమూనాలు పరీక్షకు పంపాడు. మొలక శాతం చాలా తక్కువని తేలింది. లాట్ నంబరు లేని చిట్టీలూ దొరికాయి. దుకాణం లైసెన్సు సస్పెండ్ అయింది, సరుకు నిలిపేశారు.

షట్టర్ దించిన రోజు అలేఖ్య బాపును తీసుకొని సరిగ్గా అక్కడికే వెళ్లింది. జగన్మోహన్‌రావు మెట్ల మీద కూర్చొని ఉన్నాడు.

"బిడ్డా, గా ప్యాకెట్ వీడియోలు తీసెయ్యి. పరేషాన్ అయితున్న."

"ఏవి? తిట్టినయా?"

"గవి ఉంచుకో. లాట్ నంబర్‌వి తీసెయ్యి."

అలేఖ్యకు గుండె చల్లబడింది. దాచుకోకుండా నవ్వింది.

"తీసెయ్య. గా రోజు మా బాపు ముఖాన కొట్టింది గీ నంబరే. ముందు బాపును మాఫీ అడుగు."

అతడు రాయమల్లు వైపు తిరిగాడు. "తప్పయింది, మాఫ్ చెయ్యి," అని తల వంచుకొని అన్నాడు. రాయమల్లు ఆ మాట పూర్తిగా విన్నాడు, క్షమించానని మాత్రం అనలేదు.

బస్టాండు దగ్గర బాపు అడిగాడు. "కసి తీరిందా?"

"లేదు బాపు. నష్టపరిహారానికి ఎట్ల రాయాలెనని మూడు వందల మంది అడిగిండ్రు. రేపు గా వీడియో చేస్త."