కవరింగ్ నోటులో చివరి పేరా

డాక్టర్ సుధను చూస్తే సుజనకు ఒళ్ళు మండిపోయేది. రాయగడలో వర్తకులు నడిపే ఆ ట్రస్టు ఆసుపత్రిలో సుజన పదకొండేళ్ళుగా ల్యాబు ఇన్‌ఛార్జి. కంటి డాక్టరుగా సుధ వచ్చి మూడేళ్ళే. ఆవిడ పట్టిందల్లా బంగారమే మరి! కొత్త గది అడిగితే గది, ఏసీ అడిగితే ఏసీ. నిరుడు సుజన బడ్జెట్టు పెంచమంటే మాత్రం ఫైనాన్సు కమిటీ పైసా పెంచలేదు. పెంచమని ఒక్క వాక్యం రాసి, కారణం రాయకపోతే ఎవరు పెంచుతారు? ఆ సంగతి సుజన ఒప్పుకోదు. కమిటీ సుధ ముఖం చూసి ఇస్తోందని ఆమె నమ్మకం.

ఈ ఏడు మాత్రం పట్టుబట్టి కూర్చుని, బడ్జెట్టు పట్టికల మీద పెట్టే కవరింగ్ నోటులో కారణాలన్నీ రాసింది. నిరుడు పద్దెనిమిది లక్షలు, ఇప్పుడు ఇరవై ఏడు. పెరిగిన తొమ్మిదిలో ఆరున్నర ఒక్కసారికే, కొత్త రక్తపరీక్షల మెషినుకు. రెండు లక్షలు రసాయనాలకు, ఎందుకంటే పరీక్షలు పదకొండు వేల నుంచి పద్నాలుగున్నర వేలకు చేరాయి. మిగతా అరలక్ష ఏటేటా మరమ్మతు ఒప్పందానికి. పాత మెషిను ఏడాదిలో నలభై రోజులు పడకేసింది, శాంపిళ్ళు రైల్లో విశాఖ పంపించారు. ఇదిలాగే సాగితే ల్యాబు రక్తం తీసి పంపే గదిగా మిగులుతుంది, ఇద్దరు టెక్నీషియన్ల ఉద్యోగాలు పోతాయి. అంతా నిజమే, లెక్క సరిగ్గానే ఉంది. అక్కడితో ఆపి సంతకం పెడితే ఎంత బాగుండేది!

ఆపలేదు. సుధ కూడా కంటి లోపల ఫొటోలు తీసే ఆరున్నర లక్షల కెమెరా అడుగుతోందని క్యాంటీన్లో వింది. వినగానే కళ్ళలో నిప్పులు పోసుకుని ఇంకో పేరా చేర్చింది. కమిటీ వాళ్ళు తమలో తామే చదువుకుంటారు, సుధకు తెలిసే దారి లేదన్న ధైర్యం ఒకటి.

కమిటీ అధ్యక్షుడు రామమూర్తి పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. పట్టికల జోలికి పోడు, కవరింగ్ నోటు మాత్రం అక్షరం వదలకుండా చదువుతాడు. మీటింగుకు నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. మొన్ననే సుధ చేత శుక్లం తీయించుకున్నాడు.

"ఈయేడు నాను సదవలేనమ్మా. అందరూ ఇక్కడే కూకోండి, ఎవురిది వాళ్ళే సదవండి," అన్నాడు.

చివరి పేరా కనబడకుండా సుజన తన కాగితం అడుగు మడిచింది.

ముందు సుధ చదివింది. కెమెరా ధర, అది లేక ఎంతమందిని కొరాపుట్ పంపాల్సి వచ్చిందో చెప్పి, చివర ఇంకో మాట కలిపింది. "రిపోర్టులు రాక నిరుడు నలభై మూడు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ల్యాబు అడిగినదాన్ని దయచేసి తగ్గించకండి."

ఆ మాటకు సుజనకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. ఈ మంచితనం కూడా ఈవిడకేనా అనుకుంది. తన వంతు రాగానే గబగబా చదివి, టెక్నీషియన్ల ఉద్యోగాల మాట దగ్గర ఆపి కూర్చుంది.

"మేడం, ఆకరి పేరా ఉండిపోనాది," అన్నాడు అకౌంటెంటు అప్పలనరసింహం, తన చేతిలో ఉన్న కాపీ చూస్తూ. ఏ కాగితమూ సగంలో వదలడు మహానుభావుడు.

లేచి చదవక తప్పలేదు. "కంటి విభాగం కోరే కెమెరా ఈ ఏడు ఆపినా రోగులకు నష్టం లేదు. ఆ సొమ్ముతో మా మెషిను కొనవచ్చు."

సుధ తల దించుకుంది. రామమూర్తి నల్లకళ్ళద్దాలు సర్దుకున్నాడు. "రెండూ కొనే డబ్బులు మా కాడ లేవు. ఏది ఆపాలా అని నాలుగు రోజులై బుర్ర బద్దలు కొట్టుకుంతన్నాను. దారి నువ్వే సూపించేవు. ల్యాబుకి ఇచ్చీండి. కెమెరా వచ్చే యేడు సూద్దుం," అన్నాడు.

సుజన అడిగిందంతా వచ్చింది, ఒక్క రూపాయి తగ్గకుండా. బయటికొస్తే వరండాలో సుధ నిలబడి ఉంది.

"మెషిను వచ్చీసినాది కదమ్మా, ఇంక మా రిపోర్టులు ఆగవు," అంది సుధ. "కానీ నష్టం లేదని రాసీసేవేటి? నన్నడిగితే ముందు ల్యాబుకే ఇమ్మని నేనే సెప్పీదాన్ని కదా."

సుధ పేషెంట్లు ఎదురుచూస్తున్న గదివైపు వెళ్ళిపోయింది. బెంచీ మీది ముసలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఏదో చెబుతోంది. మంజూరు కాగితం చేతిలో పెట్టుకుని సుజన అటే చూస్తూ నిలబడింది. సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా అసూయ చావలేదు.