పాపాఘ్ని దాటేటప్పుడు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి, చేయి నిదానం. మన్నించి చదవండి.

నా మొగుడు గోపన్న కమలాపురంలో నేతపని చేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలు కాకముందు ఒక ఏడు అతడు పాలిపోయాడు. మగ్గం గుంటలోంచి పైకి లేస్తే రొప్పేవాడు. కడప ఆసుపత్రిలో డాక్టరమ్మ కంటిరెప్పలు లాగి చూసి, దొడ్డికి పరీక్ష చేయించమంది. కంటికి కనబడని నెత్తురుందా, పురుగుల గుడ్లున్నాయా చూడాలట. అక్కడ పరీక్ష చేసే లేవి అనే ఆయన, మూడు దినాలు మాంసం ముట్టవద్దని చెప్పి పంపాడు.

ఆ వారమే చౌడమ్మ జాతర. మళ్ళీ పోయినప్పుడు లేవి మందు పోస్తే, నెత్తురున్నట్టు నీలం తేలింది. గుడ్లు మాత్రం కనబడలేదు.

"ఏమప్పా గోపన్నా, మాంసం తింటివా?"

"ఒక్క ముక్కా తినలేదప్పా. అమ్మవారికి కోసిన పొట్టేలు నెత్తురు వేపుడు తింటి. నెత్తురు మాంసమెట్లయితాది?"

లేవి నవ్వాపుకోలేకపోయాడు. "పొట్టేలుదో నీదో ఈ మందుకు తెలీదప్పా!"

ఈసారి మూడు దినాలు రాగిముద్ద, మజ్జిగ మీదే ఉంచి మళ్ళీ తీసుకుపోయాను. నీలం రాలేదు.

"లేదంట రామేశ్వరీ!" అని గోపన్న నా భుజం చరిచాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ దినం కనబడలేదు, అంతే. లోపల పుండుంటే ఒక దినం కారుతుంది, ఒక దినం కారదు. గుడ్లు కూడా ఒక్కసారికే దొరకవు. లేవి చూసేది గోరంత. ఇంకా రెండు దినాలు తెచ్చియ్యి. నెత్తురుందని తేలినా ఎక్కడిదో మళ్ళీ వెతకాల. ఇంత పాలిపోయినోడివి, ఇట్లే వదిలేసి పోవద్దు."

"లేదన్నాక ఇంగేముండాదమ్మా? పడుగు మగ్గం మీద ఉండాది," అన్నాడు.

ఊరికి వచ్చాడు. అమ్మవారు రోగం తీసేసిందని మా అత్త అందరికీ చెప్పింది. నేను పోదామన్నప్పుడల్లా, "నీకు నా దొడ్డి మీద శానా ప్రేమే!" అని ఎగతాళి చేసేవాడు. ముఖం మాత్రం గంజి పెట్టిన గుడ్డలాగా అయింది.

ఒక పొద్దున దొడ్డి తారులాగా నల్లగా పోయిందని తనే వచ్చి చెప్పాడు. గొంతులో నవ్వు లేదు. "బండి కట్టించు. ఇంకొక తూరి చూపిచ్చుకుందాం."

బండి పాపాఘ్ని ఏటి ఇసుకలో దిగింది. అతడి తల నా ఒడిలో ఉంది. "ఈ తూరి ఏమొస్తాది, రామేశ్వరీ? ఉండాదంటారా, లేదంటారా?" అని అడిగాడు. నేను చెప్పేలోపల నెత్తురు కక్కాడు. ఆ ఒడ్డుకు చేరేసరికి అతడి చేయి చల్లబడింది.

ఇప్పుడు ఆ నది మీద బస్సులో పోతాను. ఎంత మంది ఎక్కినా నా పక్క సీటులో ఎవరూ కూర్చోరు. ఒడి బరువెక్కుతుంది. గోపన్న అదే మాట అడుగుతాడు. వంతెన అయిపోయేదాకా చెప్పాలనే చూస్తాను. నోరు రాదు.

రామేశ్వరమ్మ, డెబ్బై రెండేళ్ళు, ప్రస్తుతం ప్రొద్దుటూరులో కూతురింట్లో.