బల్లగుడ్డల మనిషి

ఆస్పత్రి లాండ్రీకి పోయినేటి కంటే నూటికి పన్నెండు ఎక్కువ కావాలని ఆర్థిక సంఘాన్ని అడగడమంటే మాటలా! ఆ పెద్దమనుషులకు 'ఎక్కువ' అన్న మాట చెవిన పడితే చాలు, ఎక్కడలేని నీరసం ముంచుకొస్తుంది. అలాగని జీతభత్యాలు పెంచేటప్పుడు మాత్రం సంతకాలు చకచకా పెట్టేస్తారు.

లాండ్రీ సూపరింటెండెంటుని అందరూ పెద్దక్క అంటారు. అంకెల పట్టికకు జతచేయాల్సిన ఒక్క పేజీ నోట్‌ని ఆవిడ రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి బడ్జెట్ ఆఫీసర్ గదికి పట్టుకెళ్ళింది. ఆ ఆఫీసర్ స్వయానా ఆవిడ మరిది. ఇంకేం, పని చిటికెలో అయిపోతుందనుకునేవాళ్ళు ఆ మరిదిని ఎరగరన్నమాట.

"ఇదేంటి వదినా, 'ఈ పన్నెండులో ఎనిమిది మీరు మంజూరు చేసినవే' అని రాశావు? మొహం మీద కొట్టినట్టుంది."

"నిజమేగా? జీతాలు పెంచింది వాళ్ళు. గ్యాసు కొత్త రేటుకి ఒప్పుకుంది వాళ్ళు. నేనేమైనా నగలు కొనుక్కున్నానా?"

"నిజమే. నిజాన్ని నోట్‌లో ఇలా రాయరు. 'అనివార్య కారణాల వల్ల' అనాలి." పెన్ను తీసి దిద్దేశాడు.

మిగిలిన నాలుగే అసలు గొడవ. అది లాండ్రీలో పనిచేసే చిట్టి కోసం. లాండ్రీలో ఒకాయన రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది. చిల్లర కూలీ పద్దులోంచి సగం జీతానికి చిట్టి వచ్చి, ఆయన పనంతా నెత్తినేసుకుంది. ఖాళీ పోస్టు జీతం మిగిలితే పెద్దక్క బుద్ధిగా తిరిగి కట్టేసింది. అందుకు సంఘం మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది, ఆ వెంటనే అంత మొత్తాన్నీ కేటాయింపులోంచి కోసేసింది. ఇప్పుడు ఏడాది చివరికి చిట్టి కాంట్రాక్టు అయిపోతుంది. మళ్ళీ పొడిగించడానికి రూల్సు ఒప్పుకోవు. పోస్టు రాకపోతే చిట్టి ఇంటికే, ఆమె సంపాదన మీద చదువుతున్న ఇద్దరు పిల్లలూ ఇంటికే.

"ఆ పోస్టు లేకుండానే గడిచిపోయిందిగా అంటారు వదినా."

"గడిచిపోలేదురా నాయనా, చిట్టి గడిపింది. అది కూడా రాశాను, చదువు."

చదివాడు. ఆ వాక్యం జోలికి పోలేదు, అంతవరకు నయం. చివరి పేరా దగ్గర ఆగాడు. ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పాల్సిన చోటది.

"'సేవలకు కొంత అసౌకర్యం కలగవచ్చు' అని రాసేయ్."

"పసిపిల్లల పక్కగుడ్డలు మార్చలేకపోతే అది కొంత అసౌకర్యమా? నీ నోట్ నువ్వే పంపుకో పో!"

మరిది బెదిరిపోయి, ఆ పేరా ఆవిడ ఇష్టానికే వదిలేశాడు. పెద్దక్క లాండ్రీ గోడ మీదున్న వరుసని ఉన్నదున్నట్టు దించేసింది. మెషీన్ చెడిపోయిన రోజుల్లో దేని తర్వాత ఏది ఉతకాలో చెప్పే వరుస అది. ముందు ఆపరేషన్ గౌన్లు, తర్వాత పసిపిల్లల పక్కగుడ్డలు, తర్వాత వార్డుల దుప్పట్లు, అన్నిటికన్నా చివర సమావేశ హాలు బల్లగుడ్డలు, కుర్చీ తొడుగులు. 'చేతులు తక్కువైతే కిందినుంచి ఒక్కొక్కటే ఆపుకుంటూ వస్తాం' అని ముగించింది. ఎవర్నీ వెక్కిరించాలని కాదు. ఉన్నమాటే.

సంఘం కూర్చుంది, పెద్దక్కనీ పిలిపించారు. మల్లెపూవులాంటి బల్లగుడ్డ మీద మోచేతులానించి అధ్యక్షుడుగారు నోట్ చదివారు. 'అనివార్య కారణాలు' దగ్గర తలాడించారు. చిట్టి గడిపిన ఏడాదిని గుటుక్కున మింగేశారు. పసిపిల్లల దగ్గర ఉలుకూ పలుకూ లేదు. ఆఖరి వరుసకొచ్చేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఏమ్మా, ఈ హాలు గుడ్డలు ఆపేస్తారా?"

"చేతుల్లేకపోతే ముందు ఆగేవి అవేనండి."

"బయటివాళ్ళొస్తే బోసిబల్లల ముందు కూర్చోవాలా మేము?" అంటూ ఆయన పక్కవాళ్ళ వైపు చూశారు. అందరూ తమ మోచేతుల కిందికి చూసుకున్నారు. అంత ఐకమత్యం ఆ హాలు ఏనాడూ చూసి ఉండదు.

పోస్టు వచ్చింది. ఏదో ఒకటి కోయకపోతే పరువు పోతుంది కాబట్టి సబ్బుపొడిలో కాస్త కోశారు.

ఉత్తర్వు కాగితం పట్టుకుని చిట్టి బిక్కమొహంతో పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, 'సమావేశ హాలు వస్త్రాల నిరంతర సంరక్షణ నిమిత్తం' అని రాశారు. నేనిక పసిపిల్లల గుడ్డలు ముట్టుకోకూడదా?"

పెద్దక్క కాగితం లాక్కుని చదివింది. పసిపిల్లల మాట అందులో మచ్చుకైనా లేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. అంతలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చిట్టి మిగిలింది కదా.

"వాళ్ళు ఏడాదికి నాలుగుసార్లు కూర్చుంటారే పిచ్చిమొహమా! ఆ నాలుగు రోజులూ నువ్వు బల్లగుడ్డల మనిషివి. తక్కిన రోజులు ఎప్పట్లాగే మా చిట్టివి. పద, పసిపిల్లల మూట వచ్చింది."

చిట్టి కాగితం మడిచి రవికలో దోపుకుని, కొంగు బిగించి, మూట విప్పింది.