అన్న కుడివైపు, మేనేజరు ఎడమవైపు

ఫిల్మ్ నగర్‌లోని ఆ ఎడిటింగ్ గదిలో ఏసీ గడ్డకట్టిస్తున్నా గీతికకి అరచేతులు చెమటలు పడుతూనే ఉన్నాయి. రేపు మధ్యాహ్నం బధిర పాఠశాల పిల్లలకీ టీచర్లకీ సినిమా వేసి చూపిస్తారు. పత్రికలవాళ్ళని కూడా పిలిచారు. తెర మీద సైగ చేసేది తన చెల్లెలు వందన, ఆ సైగల్ని ఇక్కడివాళ్ళకి మాటల్లో చెప్పేది తను. వందన పుట్టు చెవిటి. ఆ స్కూల్లోనే చదువుకుంది. "మన భాషని మన భాషలాగే చూపిస్తాను" అని అక్కడందరికీ మాటిచ్చి మరీ వచ్చింది.

"మళ్ళీ ఒకసారి వెయ్యండి, రవిచంద్రగారూ," అంది గీతిక.

ఎడిటర్ రవిచంద్ర కోర్టు సీను మొదటికి తిప్పాడు. వందన బోనులో నిలబడి జడ్జి వైపు సూటిగా చూస్తూ దొంగతనం కేసులో సాక్ష్యం చెప్తోంది. అన్న అని సైగ చేసి తన కుడివైపు గాలిలో ఒక చోటు చూపించింది. మేనేజరు అని సైగ చేసి ఎడమవైపు ఒక చోటు. ఇక అక్కడినుంచి ఆ రెండు చోట్లే ఆ ఇద్దరు మనుషులు. తర్వాతి షాట్ దగ్గర్నుంచి తీసింది, తలా చేతులూ కనిపిస్తాయి. లాయరు వైపు తిరిగి, తాళం అని చూపించి, 'ఇచ్చాడు' అన్నట్టు చెయ్యి కదిపింది. ఆ తర్వాత తెర నిండా చేతులు మాత్రమే. గుండె దగ్గర్నుంచి ఎడమవైపుకి ఇంకోసారి 'ఇవ్వడం'.

గీతిక వెనక్కి తిరిగి చూసింది. వెనక కుర్చీలో కూర్చున్న వందన మొహం అప్పటికే పాలిపోయింది.

"ఇది మా చెల్లి చెప్పింది కాదు సార్," అంది గీతిక.

దర్శకుడు కమలాకర్ చాయ్ కప్పు కింద పెట్టిండు. "ఏంది గీతికమ్మా, నీ చెల్లె చేసిందే గదా కనబడుతుంది. నేనేమన్న నా చేతులు పెట్టిన్నా?"

"అన్న మేనేజరుకి తాళం ఇచ్చాడు, నేను ఇవ్వలేదు. షూటింగులో అది చెప్పింది ఇదీ. ఇక్కడ తిరగబడింది."

రవిచంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఆ రెండో షాట్ నేనే అద్దంలో లాగా తిప్పానండీ. తిప్పకపోతే ఆమె లాయరుకి వీపు పెట్టి మాట్లాడినట్టుంటుంది. చూపు కలవదు. అందరం చేసేదే."

"ఆమె చెయ్యి కూడా తిరిగిపోయింది కదండీ! కుడినుంచి ఎడమకి పోవాల్సింది ఎడమనుంచి కుడికి పోయింది. అంటే మేనేజరే అన్నకి ఇచ్చాడని."

కమలాకర్ నవ్విండు. "చెయ్యి ఇటు పోతే ఏంది, అటు పోతే ఏంది? సైగలే గదమ్మా. నేను గిట్ల జేస్తే రమ్మని, గట్ల జేస్తే పొమ్మని. పసిపోరనికి గూడ తెలుస్తది. డైలాగులో మాటకో సైగ పెట్టుకున్నం, అంతే."

"మాటకో సైగ కాదు సార్. 'అన్న మేనేజరుకి ఇచ్చాడు' అన్నదాంట్లో 'కి' తీసేస్తే ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? ఆ పని వీళ్ళకి ఈ చోట్లు చేస్తాయి. 'లేదు' అనేది తల. చేతులతో 'ఇవ్వడం' చేస్తూనే తల అడ్డంగా ఊపితే 'ఇవ్వలేదు' అవుతుంది. మీరు చేతులొక్కటే చూపించారు. తల పోయింది, 'లేదు' పోయింది."

"ఆ చేతులు ఎంత మంచిగున్నయో అని పెట్టిన," అన్నడు కమలాకర్, కొంచెం నొచ్చుకుని. "జర సాఫ్ చెప్తున్న. నీ చెల్లెనే తప్పు జేసి ఉంటది. రేపు ఆ పిల్లలు నవ్విన్రనుకో, పేపరోళ్ళ ముంగట నా ఇజ్జత్ పోతది. డౌటుంటే సీను కోసేస్త. బోనెక్కింది, దిగింది. ఖతం."

సినిమాలో వందన నలుగురి ముందు తన మాట తనే చెప్పేది ఆ ఒక్క సీనులోనే. కోసేస్తానన్న మాటని గీతిక చెల్లెలికి చేతుల్లోకి మార్చలేకపోయింది. మార్చాల్సిన పనీ లేకపోయింది. వందన కమలాకర్ మొహం చదివేసింది.

అప్పుడే తలుపు తోసుకుని మనోజ వచ్చింది. వందనతో కలిసి చదివిన పిల్ల, ఆమె కూడా బధిరురాలే. మాదాపూర్‌లో ఒక కంపెనీలో డేటా ఎంట్రీ చేస్తుంది. ఇద్దరూ కలిసి ఇంటికి పోదామని వచ్చింది. సినిమా కథ ఆమెకి తెలీదు.

"ఈమెని అడగండి సార్," అంది గీతిక. "ఏం అర్థమైందో ఈమే చెప్తుంది."

"మీరు మీరు సైగ జేసుకుంటే నాకేం దెలుస్తది?" కమలాకర్ లేచిండు. "నువ్వు గీడ గోడ దిక్కు తిరిగి కూసో. మీ చెల్లె గూడ. చేతులు కట్టుకోండ్రి. మొఖం గూడ కదిలియ్యొద్దు."

"మొఖం ఎందుకు సార్, సైగలే కదా?" అంది గీతిక. నోరు జారాక భయమేసింది.

రవిచంద్ర దగ్గినట్టు నటించాడు. కమలాకర్ మనోజకి తెర ముందు కుర్చీ చూపించిండు.

గోడ మీద పెచ్చులూడిన మచ్చని చూస్తూ కూర్చుంది గీతిక. పక్కన వందన మోకాలు ఆగకుండా ఊగుతోంది. సీను ఒకసారి ఆడింది. మళ్ళీ ఆడింది. తర్వాత కీబోర్డు టకటకలు. మనోజ టైపు చేసింది రవిచంద్ర పైకి చదివాడు.

"'ఈ అమ్మాయి మేనేజరుకి తాళం ఇచ్చింది. మేనేజరు అన్నకి ఇచ్చాడు. కోర్టులో తనంతట తనే ఒప్పుకుంది. దొంగ ఈమేనా?'"

కమలాకర్ కీబోర్డు దగ్గరికొచ్చి ఆ అక్షరాలు తనే చదువుకున్నడు. "మా హీరోయిన్ని దొంగను జేసినమా?" అన్నడు చివరికి.

తిప్పిన షాట్‌ని మామూలుగా చేసి చూశారు. సైగ సరిపోయింది కానీ వందన లాయరుని వదిలేసి ఎవరో లేనివాళ్ళతో మాట్లాడుతున్నట్టుంది. కోర్టు సెట్టు ఎప్పుడో విప్పేశారు. మళ్ళీ తియ్యడానికి లేదు.

"ఇగ కోసుడే," అన్నడు కమలాకర్. ఈసారి గొంతులో కోపం లేదు. అదే గీతికని ఎక్కువ భయపెట్టింది.

ఈ మాట చెప్పక తప్పలేదు. గీతిక చెల్లెలి వైపు తిరిగి సైగ చెయ్యబోయింది. వందన ఆమెని సగంలోనే ఆపి, తెర మీది మొదటి షాట్‌ని వేలితో చూపించి, అరచేతిని పుస్తకంలో పేజీలా తిప్పింది. 'దీన్ని కూడా తిప్పండి.'

"అప్పుడు అన్న ఎడమకి పోతాడే! నీ కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతుంది!" గీతిక నోటితో అంటూనే చేతులతోనూ చెప్పింది.

వందన విసుగ్గా చూసింది. 'ఎడమచేతివాటం వాళ్ళు మనలో లేరా? ఏ పక్కనైనా పెట్టుకోవచ్చు. పెట్టినవాడు పెట్టినచోట ఉండాలి. అంతే.'

గీతిక తెలుగులో చెప్పింది. రవిచంద్ర కుర్చీలో ముందుకి జరిగాడు. "మొదటి షాట్లో జడ్జినే చూస్తోంది కాబట్టి చూపుకి ఇబ్బంది లేదు. వెనక బోర్డూ రాతా ఏమీ లేవు. తిప్పొచ్చండీ."

"ఆ చేతుల షాట్ తీసేసి, తల కనబడేట్టు ఆ రెండో షాట్‌నే, దగ్గరిదాన్నే, ఆఖరిదాంక ఉంచు," అన్నడు కమలాకర్ మెల్లగా.

రవిచంద్ర కలిపి ఆడించాడు. మనోజ ముందుకి వంగి చూసింది. ఈసారి ఎవరూ గోడ వైపు తిరగలేదు. మనోజ టైపు చేసింది. 'అన్న మేనేజరుకి ఇచ్చాడు. ఈమె ఇవ్వలేదు. ముందేమో అట్లా, ఇప్పుడేమో ఇట్లా. ఏది నిజం?'

కమలాకర్ గట్టిగా నవ్విండు. గీతిక నవ్వబోయి చెల్లెల్ని చూసి ఆగిపోయింది. వందన నవ్వడం లేదు. రవిచంద్ర భుజం తట్టి, కనుబొమ్మలు పైకెత్తి, తల ముందుకి చాచి, అరచేతిని మళ్ళీ పేజీలా తిప్పి, తెరంతా చుట్టి చూపించింది.

"ఏమంటుంది?" అన్నాడు రవిచంద్ర.

"సినిమాలో ఇంకెక్కడైనా తిప్పారా అని అడుగుతోంది."

రవిచంద్ర దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు నేల వైపు చూసిండు.

"ఆస్పత్రి సీనులో తిప్పానండీ. తల్లితో గొడవలో కూడా. ఇంకా... గుర్తు లేదండీ, చూడాలి."

ఆ జవాబు గీతిక చేతుల్లోకి మారేదాకా వందన ఆగలేదు. కుర్చీని తెర దగ్గరికి లాక్కుని, మనోజని పక్కన కూర్చోబెట్టుకుంది. కమలాకర్ ఫోను తీసి రేపటి షో సాయంత్రానికి జరపగలరా అని ఎవరినో బతిమాలుతూ బయటికి పోయిండు. రవిచంద్ర సినిమాని మొదటి రీలుకి తీసుకుపోయాడు.